నాన్న రాసిన ఫెయిర్ కాపీ

మా ఇంట్లో చిన్నాచితకా తిట్లకి ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు. అమ్మ కుక్కర్ని తిట్టేది, నాన్న ఆలస్యంగా వచ్చిన పేపరుని తిట్టేవాడు, నేను తీరిక దొరికితే అందర్నీ తిట్టేదాన్ని. ఒక్క మాట మాత్రం గడప దాటి లోపలికి రాకూడదు. అది ‘పైరవీ’. తెలుగులోనూ అది పైరవీయే, జంషెడ్‌పూర్ వీధుల్లో మాట్లాడే హిందీలోనూ పైరవీయే, కాబట్టి అర్థం కాలేదని తప్పించుకోవడానికి ఎవరికీ వీల్లేదు. ఫలానా వాళ్ల పిల్లకి ఉద్యోగం వచ్చిందని మిఠాయి పంచితే, మిఠాయి నోట్లో ఉండగానే పక్కింటివాళ్లు అడిగేది ఒకటే: ఎవరి పైరవీతో వచ్చింది అని.

నాన్న టాటానగర్ రైల్వేలో, అంటే జంషెడ్‌పూర్‌లోనే, హెడ్ క్లర్కు. ఉద్యోగుల సెలవులు, బదిలీలు, ఇంక్రిమెంట్లు చూసే సెక్షను ఆయనది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరిన తెలుగువాళ్లు మా కాలనీలో చాలామంది ఉండేవారు. వాళ్లలో ఎవరికి దరఖాస్తు కావలసినా మా ఇంటికే వచ్చేవారు. నాన్న ముందు చిత్తుప్రతి రాసేవాడు. దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, కొట్టేసి, పైన ఇరికించి, చివరికి తెల్ల కాగితం మీద అందంగా ఎత్తి రాసేవాడు. ఆ రెండోదాన్ని ఆఫీసు భాషలో ‘ఫెయిర్’ అంటారు. మా ఇంట్లో కూడా అదే మాట. నా స్కూలు సెలవు చీటీకి కూడా చిత్తు ఒకటి, ఫెయిర్ ఒకటి. ఇంట్లోంచి బయటికి వెళ్లేది ఫెయిరే, చిత్తుప్రతి ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నా కొంప దాదాపు ముంచింది ఆ మాటే.

నేను ఇంజనీరింగ్ పూర్తి చేసింది రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో. మాకు రెండేళ్ల ముందు బ్యాచ్ వాళ్లని సాఫ్ట్‌వేర్ కంపెనీలు కాలేజీకి వచ్చి మరీ తీసుకెళ్లాయి. మా ఏడు వచ్చేసరికి ఒక్క కంపెనీ గేటు దాకా రాలేదు. మా ముందు బ్యాచ్‌లో కొందరికి ఇచ్చిన ఆఫర్లు కూడా వెనక్కి పోయాయి. నేను ఊళ్లోనే భాలుబాసాలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడానికి చేరాను. పొద్దున ఆటోలో వెళ్లి స్కూలు పిల్లలకి మౌస్ పట్టుకోవడం నేర్పడం, సాయంత్రం అదే ఆటోలో తిరిగి రావడం. ఇంజనీరింగ్ చదివింది ఇందుకా అని ఎవరూ అనలేదు గానీ, అనకుండా చూసే చూపులు నాకు బాగా తెలుసు.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద నాకు మనసుండేది. బెంగళూరులో ఉంది. పోస్టులో దరఖాస్తు పంపాను, వాళ్ల వెబ్‌సైటులో ఫారం నింపాను. ‘మీ దరఖాస్తు అందింది’ అని యంత్రం రాసే జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో నాతోపాటు పాఠాలు చెప్పే నా క్లాస్‌మేట్ ఒక రోజు టీ తాగుతూ అసలు విషయం చెప్పింది. ఆ కంపెనీ మళ్లీ కొత్తవాళ్లని తీసుకుంటోంది. కానీ పోయిన ఏడు పాసైన వాళ్లని మాత్రమే. జూన్ ఆఖరు దాటితే కొత్త బ్యాచ్ వస్తుంది, మన బ్యాచ్ ఆ లెక్కలోంచి బయటికి పోతుంది. అప్పుడు అనుభవం ఉందా అని అడుగుతారు. మౌస్ పట్టుకోవడం నేర్పిన అనుభవం ఎవరికి కావాలి?

“వెబ్‌సైటులో పడేస్తే వేలల్లో ఒకటి. లోపల పనిచేసేవాళ్లు రిఫర్ చేస్తే హెచ్ఆర్ వాళ్లు కనీసం తెరిచి చూస్తారు” అని చెప్పి, మా కాలేజీ పాత విద్యార్థుల ఈమెయిల్ గ్రూపులో వెతకమంది. వెతికాను. ఆ కంపెనీలో మా కాలేజీ వాళ్లు ఒకే ఒక్కరు కనిపించారు. మాకంటే ఆరేళ్లు సీనియర్. అమ్మాయి. ఇంటిపేరు చూస్తే తెలుగువాళ్లే. తర్వాత తెలిసింది, మా ఊరి పక్కనే గోవింద్‌పూర్‌లో లారీల ఫ్యాక్టరీ పక్క కాలనీలో పెరిగిందట. నేను ఆవిడని ఎప్పుడూ చూడలేదు. అప్పటికి మే నెల సగం అయిపోయింది.

ఆ రోజుల్లో మా ఇంట్లో కంప్యూటర్ లేదు. మెయిలు రాయాలంటే ముందు నోటుబుక్కులో రాసుకుని, ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న నెట్ కేఫ్‌కి వెళ్లి టైపు చేయడం అలవాటు. ఆ నోటుబుక్కు నాన్న కంట పడింది. అది పడకూడని చోట నేనే వదిలేశాను, తప్పు నాదే.

“ఇదేటి?” అన్నాడు.

“మెయిల్.”

“ఎవలికి?”

“కాలేజీ సీనియర్‌కి. కంపెనీలో నా రెజ్యూమె ఇమ్మని అడుగుతున్నాను.”

“నీకు తెలుసా ఆ మనిషి?”

“తెలీదు.”

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అలా తుడుచుకుంటున్నాడంటే వాన ముంచుకొస్తోందని మా ఇంట్లో లెక్క. “ముక్కూ మొహం తెలీని మనిషిని ఉజ్జోగం ఇప్పించమని అడుగుతావా? దీన్నేటంటారు? పైరవీ కాదేటి ఇది?”

“పైరవీ నహీ హై నాన్నా, రెఫరల్ హై” అన్నాను. కోపం వస్తే నాకు హిందీ వచ్చేస్తుంది. నాన్నకి తెలుగు ఇంకాస్త గట్టిపడుతుంది.

“పేరు మార్చితే గుణం మారతాదా? ముప్పై ఏళ్లు ఆ బల్ల కాడ కూకున్నాను. ఒకడి కాయితం మీద చెయ్యెట్టి పైకి తొయ్యలేదు. నా కూతురు ఎవలినో బతిమాలుకుని దొడ్డిదారిన పోతాదా?”

“మరి ముందు దారి ఎక్కడుందో చెప్పు, అలాగే పోతాను. ఏడాది నుంచి దాని ముందే నిలబడ్డాను, ఎవరూ తలుపు తియ్యలేదు.”

అమ్మ వంటింట్లోంచి, “ఇద్దరూ అరుసుకోకండి, పక్కోళ్లు ఇంటన్నారు” అంది. అది ఎప్పుడన్నా మమ్మల్ని ఆపింది గనకనా?

నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆఫీసు నుంచి వస్తూనే నా ఎదుట కూర్చుని, “రాత్తే రాయి. గానీ ఇలాటి బేవార్సు ఉత్తరం కాదు. సక్రమంగా రాయి. నేను చెప్తాను” అన్నాడు. ఆయన అంత దూరం దిగిరావడం నాకు ఆశ్చర్యం. దిగివచ్చిన మనిషిని కాదనలేక పెన్ను తీశాను.

ఆయన చెప్పినదంతా రాస్తే ఐదు పేజీలయింది. పైన ఎడమ పక్కన ‘గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి’. దాని కింద అడ్డగీత గీసి ‘త్రూ ప్రాపర్ ఛానల్’. రైల్వే ఉద్యోగి ఏ దరఖాస్తు పెట్టుకున్నా సొంతంగా పైవాళ్లకి పంపకూడదు, తన పైఅధికారి చేతుల మీదుగానే పోవాలి, ఆ సంగతి కాగితం మీద రాయాలి. నాకు పైఅధికారి ఎవరూ లేరంటే, “మరి ఆ అమ్మాయి ద్వారా పంపుతున్నావు గదా, రాయి” అన్నాడు. ఆ తర్వాత ‘సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా’. తండ్రి పేరు, హోదా, జీతం స్కేలు. ఎత్తు. ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. పదో తరగతి నుంచి ప్రతి పరీక్షకీ మార్కులు. కాలేజీలో లైబ్రరీ కమిటీ సభ్యత్వం. నాలుగో పేజీలో, నాన్న ఆఫీసులో ఉద్యోగుల సెలవులు లెక్కకట్టడానికి నేను రాసిచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాం సంగతి.

“అది ఎందుకు నాన్నా? అదేమీ ప్రాజెక్టు కాదు, నీ ఆఫీసు పని.”

“చేసింది నువ్వా కాదా?”

“నేనే.”

“అయితే రాయి. చేసినది దాచీడం, చెయ్యనిది చెప్పడం, రెండూ అబద్ధమే.”

సరే అని రాశాను. మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో క్లాసు లేని గంటలో ఆ ఐదు పేజీలూ టైపు చేశాను కూడా. నాన్న అడిగితే టైపు చేశానని నిజాయితీగా చెప్పొచ్చు కదా అని. పంపే ఉద్దేశం మాత్రం చస్తే లేదు. నా సొంత రెజ్యూమె వేరే ఉంది: రెండు పేజీలు, శుభ్రంగా, క్లాస్‌మేట్ సరిదిద్దినది. రెండూ ఒకే ఫ్లాపీలో దాచాను. నాదానికి ‘రెజ్యూమె’ అని పేరు పెట్టాను. నాన్నదానికి, ఇంట్లో నోటికొచ్చిన మాటే, ‘ఫెయిర్’ అని పెట్టాను.

ఇక మీరు ఊహించే ఉంటారు. కేఫ్‌లో ఉత్తరం టైపు చేశాను. చిన్న ఉత్తరం. నేను ఫలానా బ్యాచ్, మీ కాలేజీయే, మీ కంపెనీలో కొత్తవాళ్లని తీసుకుంటున్నారని తెలిసింది, వీలైతే నన్ను రిఫర్ చేయగలరా, రెజ్యూమె జతచేశాను అని. కింద నా గురించి మూడు ముక్కలు: కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, అందరితో కలిసి పనిచేయగలను. ఫైలు జతచేసే చోట రెండు పేర్లు కనబడ్డాయి. బయటికి పోయేది ఏది? ఫెయిర్. ఇరవై రెండేళ్ల అలవాటు, చెయ్యి దానంతట అదే నొక్కేసింది. పంపేశాను. తేలికైన మనసుతో ఆటో ఎక్కి ఇంటికొచ్చి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు జవాబొచ్చిందేమోనని చూడబోయి, పంపిన మెయిలు తెరిచాను. కింద జతచేసిన ఫైలు పేరు చదివాను. పుట్టుమచ్చ బెంగళూరు వెళ్లిపోయింది. నాన్న జీతం స్కేలు వెళ్లిపోయింది. సవినయంగా విన్నవించుకునేదంతా వెళ్లిపోయింది. ఆ కుర్చీలోనే తల పట్టుకుని కాసేపు కూర్చున్నాను. పక్క సీటులో ఒకాయన పాస్‌పోర్టు ఫారం ఎలా నింపాలో నన్నే అడిగాడు. ఏం చెప్పానో గుర్తులేదు.

చేయగలిగింది ఒక్కటే. వెంటనే రెండో మెయిలు రాశాను: ‘నిన్న పొరపాటున వేరే ఫైలు పంపాను, క్షమించండి. సరైనది ఇదిగో. దయచేసి మొదటిది తెరవకండి.’ తెరవకండి అన్నాక తెరవని మనిషి ఈ లోకంలో ఉంటారా అని పంపిన తర్వాత తట్టింది.

ఒక వారం పోయింది. జవాబు లేదు. మే నెల వెళ్లిపోయి జూన్ వచ్చింది. ఊళ్లో ఎండ రోడ్డు మీద తారు కరిగించేస్తోంది. నేను ఇన్‌స్టిట్యూట్‌లో ఊరికే పిల్లల మీద అరిచాను, తర్వాత సిగ్గుపడ్డాను. ఇంట్లో నాన్న రోజూ సాయంత్రం ఒకటే ప్రశ్న: “ఏటైనా వచ్చిందా?” లేదంటే, “చూడు, పద్ధతిగా పంపితే జవాబు రావడానికి టైము పడతాది” అనేవాడు. ఆ పద్ధతిగా పంపినదే నా కొంప ముంచిందని ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు. చెప్పలేదని లోపల ఇంకో మంట. ఆ వారం నాకు నాన్న మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన చెప్పుల చప్పుడు వింటేనే ఒళ్లు మండేది. అది అన్యాయమని అప్పుడే తెలుసు. అయినా మండేది.

ఆదివారం పొద్దున పదింటప్పుడు ఇంటి ఫోను మోగింది. ఆ నంబరు నాన్న ఫైలులోనూ ఉంది, నా ఫైలులోనూ ఉంది. అమ్మ ఎత్తి, “నీకే. ఎవలో ఆడమనిషి, బెంగుళూరంట” అంది. నాన్న పేపరు పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు.

“నేనే” అంది అవతల మా సీనియర్, తన పేరు చెప్పి. “నీ మెయిల్స్ రెండూ చూశాను. తెరవొద్దన్నావు గదా, అందుకే ముందు దాన్నే తెరిచాను.” నవ్వింది. “ఏటమ్మా, మోచెయ్యి మీద మచ్చ ఇప్పుడు కూడా ఉందా?”

నేను, “మేడమ్, సారీ మేడమ్, అది మా నాన్న…” అంటూ నీళ్లు నమిలాను.

“మేడమ్ ఏటి, అక్కా అను. మా నాన్న కూడా ఇలాగే రాత్తారు. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ గానీ కలెక్టర్‌లా రాత్తారు.” అక్కడితో నవ్వు ఆగింది. “విను. వెంటనే రాయలేదేటని అనుకుని ఉంటావు. హెచ్ఆర్‌ని రెండు సంగతులు అడిగి, వాళ్లు చెప్పాక ఫోన్ చేత్తన్నా. ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పు. పదిలో, ఇంటర్‌లో, ఇంజనీరింగ్‌లో అన్నిట్లోనూ అరవై శాతం దాటిందా?”

“దాటింది.”

“పేపరు ఏదైనా మిగిలి ఉందా?”

“లేదు.”

“మా కంపెనీకి నువ్వు సొంతంగా ఎప్పుడైనా అప్లై చేశావా?”

“చేశాను అక్కా. వెబ్‌సైటులో.”

“ఎప్పుడు?”

ఎప్పుడో గుర్తులేదు. చలికాలమని గుర్తు. ఆవిడ గొంతు మారింది. “ఆరు నెలల లోపల చేసి ఉంటే నీ పేరు వాళ్ల దగ్గర ఉంటాది. నేను రిఫర్ చేసినా కంప్యూటర్ తీసుకోదు. తేదీ కావాల. అంచనా వద్దు.”

నేను ఫోనుకి చెయ్యి అడ్డుపెట్టి, “చలికాలంలో నేను వెబ్‌సైటులో అప్లై చేసింది ఏ రోజు?” అన్నాను, ఎవర్నో తెలియకుండా. నాన్న లేచి బీరువా తెరిచి, పాత డైరీ ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అందులో నిలువు గీతలు గీసి ఉన్నాయి. వరస సంఖ్య, తేదీ, ఎవరికి, ఏ విధంగా పంపింది, జవాబు. ఆఫీసులో బయటికి వెళ్లే ప్రతి కాగితాన్నీ ఎక్కించే పుస్తకం లాంటిది, నా దరఖాస్తుల కోసం ఇంట్లో రాశాడు. నేను కేఫ్ నుంచి వచ్చి భోజనం చేస్తూ ఏ కంపెనీకి పంపానో చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. నలభై మూడు దరఖాస్తులు. జవాబు గడిలో నలభై మూడు చోట్ల ఖాళీ.

ఆ కంపెనీ పేరు పక్కన నవంబర్ తేదీ ఉంది. అంటే ఆరు నెలలు దాటి పద్దెనిమిది రోజులు. చదివి వినిపించాను.

“అమ్మయ్య” అంది ఆవిడ. నా కంటే ముందు ఆవిడే అంది. “ఇప్పుడు అసలు సంగతి. నీ రెండు పేజీల రెజ్యూమె బాగుంది. గానీ మెయిల్‌లో నీ గురించి రాసింది చూడు: కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను, అందరితో కలుత్తాను. ఇది నాకు నెలకి పది మంది రాత్తారు. రిఫర్ చేసే ఫారంలో ఈ మనిషిని ఎందుకు పిలవాలో నేను నాలుగు లైన్లు రాయాల. ఏటి రాయను? మంచి పిల్ల అని రాయనా? నేను నిన్ను ఎరగను గదా.”

ఫోనులో కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

“మీ నాన్నగారి నాలుగో పేజీలో ఉన్నది నీ రెజ్యూమెలో ఎందుకు లేదు? ఆ సెలవుల ప్రోగ్రాం?”

“అది పాతకాలపు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలో చేశానక్కా. కాలేజీ ప్రాజెక్టు కాదు. నాన్న ఆఫీసులో…”

“ఎంతమంది లెక్క చూత్తాది?”

“మూడు వందల పైన. వాళ్లకి రిజిస్టరే అసలు లెక్క. ప్రోగ్రాం సరిచూసుకోవడానికి.”

“ఇప్పటికీ వాడతన్నారా?”

నేను నాన్న వైపు చూశాను. “నాన్నా, ఇంకా వాడుతున్నారా?” నాన్న తల ఊపి, “రోజూ. జనవరిలో, జులైలో సెలవులు జమ చేసేటప్పుడు రిజిస్టర్లో తప్పులు అదే పట్టుకుంటాది. సెలవు నిల్వ మూడొందల రోజులు దాటిన వాళ్ల లెక్క ముందు ఎవలికీ సరిగ్గా తేలేది కాదు” అన్నాడు. ఆ మాట ఫోనులో అవతలికి వినబడింది.

“ఇదీ రాయవలసింది” అంది ఆవిడ. “మా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లలో, తను చేసినదాన్ని ఇంకొకళ్లు రోజూ వాడుతున్నారని చెప్పగలిగినవాళ్లు ఎంతమంది? పెన్ను తీసుకో. నాలుగే లైన్లు. ఏం చేశావు, ఎవరి కోసం, దాని వల్ల ఏం తేలిక అయింది, మా కంపెనీలో ఏ పని మీద నీకు ఆసక్తి. ఇంకేమీ వద్దు. రెజ్యూమెలో మొదటి పేజీలోకి దాన్ని తే. రెండు పేజీలు దాటకూడదు. పేరు మార్చి పంపు. ఫెయిర్ అని మాత్రం పెట్టకు.”

అప్పటికి నాన్న నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఫోను ఇమ్మని చెయ్యి చాపాడు. నాకు భయమేసింది. ఇప్పుడు ఈ మనిషి ఆవిడకి నీతి పాఠం చెబితే?

“అమ్మా, నమస్కారం. నేను పిల్ల నాన్నని. ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఇందులో నీకేటైనా ఇబ్బంది వత్తాదా? పిల్ల కోసం నువ్వు ఎవలినైనా అడగవలసి ఉంటాదా?”

ఫోనులో గొంతు నాకూ కొంచెం వినబడుతూనే ఉంది. “ఎవలినీ అడగను బాబాయి గారూ. మాకు లోపల ఒక ఫారం ఉంటాది. అందులో పిల్ల రెజ్యూమె పెట్టి, నాకు ఎలా తెలుసో రాత్తాను. కాలేజీ పరిచయం, ముందు కలవలేదు అని ఉన్నదున్నట్టే రాత్తాను. అక్కడితో నా పని అయిపోద్ది. కలకత్తాలో పరీక్ష రాయాల, ఇంటర్వ్యూలో నిలబడాల. అక్కడ నా మాట చెల్లదు. పిల్ల చేరితే కంపెనీ నాకు కొంత బహుమానం కూడా ఇత్తాది. అది అందరికీ తెలిసిన రూలే, దాచడానికేమీ లేదు.”

నాన్న ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. “రాసి పెట్టిన రూలు ఉందంటావు.”

“ఉంది బాబాయి గారూ. మీరు పైన రాశారు గదా, త్రూ ప్రాపర్ ఛానల్ అని. మా దగ్గర ఇదే ఆ ఛానల్.”

నాన్న మొహం చూడవలసింది. బదిలీ ఆర్డరు రద్దయినవాడిలా ఉంది. “అయితే సరే అమ్మా” అని ఫోను నాకిచ్చేసి, వెళ్లి మళ్లీ పేపరు తీసుకున్నాడు. ఆ పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని అమ్మ తర్వాత నాకు చెప్పి నవ్వింది.

ఆ సాయంత్రమే నాలుగు లైన్లు రాశాను. ‘టాటానగర్‌లో ఒక రైల్వే ఆఫీసు కోసం మూడు వందల మందికి పైగా ఉద్యోగుల సెలవులు లెక్కకట్టే ప్రోగ్రాం నేనొక్కదాన్నే రాశాను. ఏడాదిగా క్లర్కులు దాన్ని రోజూ వాడుతున్నారు. అర్ధ సంవత్సరానికి ఒకసారి సెలవులు జమ చేసే పని నాలుగు రోజుల నుంచి ఒక రోజుకి తగ్గింది. మామూలు మనుషులు వాడే ఇలాంటి ఆఫీసు సాఫ్ట్‌వేర్ పనే మీ కంపెనీలో చేయాలని ఉంది.’ నాలుగు రోజులు అన్న మాట నాన్నదే. నేను వారం అని రాస్తే ఒప్పుకోలేదు, నాలుగు రోజులే అన్నాడు. ఫైలుకి నా పేరే పెట్టాను. మర్నాడు పంపే ముందు దాన్ని తెరిచి మూడుసార్లు చూశాను.

రెండు రోజులకి ఆవిడ ఒక్క లైను రాసింది: ‘పెట్టేశాను. నీ నాలుగు లైన్లూ అలాగే అతికించాను, ఒక్క మాట మార్చలేదు.’ జూన్ మూడో వారంలో హెచ్ఆర్ నుంచి పరీక్ష పిలుపొచ్చింది. పిలుపు చదివి కేఫ్‌లోంచి బయటికొచ్చాక, పక్కన ఉన్న మెట్ల మీద కూర్చుండిపోయాను. మా బ్యాచ్ గడువు దాటిపోలేదు. ఇక పాసవడమో తప్పడమో నా చేతుల్లోది. అంతకంటే నాకేం కావాలి?

కలకత్తా వెళ్లాను. పరీక్ష అయ్యాక ఇంటర్వ్యూలో ఒకాయన నా రెజ్యూమె మొదటి పేజీ మీద వేలుపెట్టి, “మూడు వందల రోజులకి మించి సెలవు నిల్వ ఉండకూడదన్నప్పుడు, రెండు వందల తొంభై ఉన్నవాడికి జులైలో పదిహేను రోజులు ఎలా జమ చేస్తారు?” అని అడిగాడు. ఆ ప్రశ్నకి నాన్న బల్ల దగ్గర నేను రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. ఆ పదిహేనూ విడిగా పెట్టాలి, ఆ ఆరు నెలల్లో వాడిన సెలవు ముందు అందులోంచి తీయాలి, మిగిలినదాన్నే నిల్వలో కలపాలి, మూడు వందల దగ్గర ఆపాలి. కాగితం మీద వేసి చూపించాను. ఆయన ఇంకో మూడు సందర్భాలు అడిగాడు. నేను గొంతు వణక్కుండా చెప్పానంటే అది నా గొప్ప కాదు, ముప్పై ఏళ్ల క్లర్కు దగ్గర నేర్చుకున్నదాని గొప్ప.

ఆఫర్ లెటరు జులైలో వచ్చింది. కేఫ్‌లో ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను. అమ్మ చదవమంటే రెండుసార్లు చదివాను. నాన్న తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, ఆఫీసు కాగితం చదివినట్టు మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివాడు. అమ్మ పాయసానికి పాలు తేవడానికి వెళ్లింది. మేమిద్దరమే ఉన్నాం.

“నాన్నా, ఇంకా పైరవీ అంటావా?” అన్నాను, ఏడిపించడానికే.

ఆయన నవ్వలేదు. కాగితం మడతపెట్టకుండా అలాగే పట్టుకుని, “నాకు పైరవీ అంటే భయం కాదే అమ్మీ” అన్నాడు. “ఎవల్నైనా అడగమని నువ్వు నన్నంటావేమో అని భయం. అడగడానికి నాకెవలున్నారు? ఇన్నేళ్లు రైల్వేలో చేశాను గానీ, నీ గురించి ఒక మాట చెప్పమని అడిగేంతటి మనిషి ఒక్కడు తెలీదు నాకు. అది నీకు తెలిసిపోతాదని…”

ఆపేశాడు. ఆ మే నెలలో మేము అరుచుకున్నదంతా, ఆయన మాట్లాడని రెండు రోజులూ, నేను ఒళ్లు మండి తిట్టుకున్న వారమంతా ఒక్కసారి కళ్లముందుకొచ్చింది. “కలకత్తాలో అన్నీ నువ్వు నేర్పినవే అడిగారు నాన్నా” అన్నాను.

“నిజంగానా?” అన్నాడు.

“నిజం. మూడు వందలు దాటితే ఏం చేస్తారని అడిగారు.”

“ఏటి చెప్పావు?”

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, ఇంటర్వ్యూలో చెప్పినట్టే, ఒక్కొక్క మెట్టూ. ఆయన మధ్యలో ఒక చోట ఆపి, రిటైరయ్యే ఏడులో ఉన్నవాడి లెక్క వేరు, అది చెప్పావా అని అడిగాడు. చెప్పలేదన్నాను. “పోన్లే, వాళ్లు అడగలేదు గదా” అన్నాడు, అమ్మ పాలతో వచ్చేదాకా ఆ లెక్క ఎలా వేయాలో నాకు చెబుతూనే ఉన్నాడు.